కుందేలు ఎందుకు ఆగింది?

కుందేలు పగటిపూట పడుకోవడం సోమరితనం కాదు. రాత్రంతా మేసి, తెల్లవారేసరికి గడ్డిదుబ్బులో ఒదిగి, పొద్దుగూకేదాకా కదలకుండా ఉండటమే దాని బతుకు తీరు. ఈసపు పేరుతో తరతరాలుగా చెప్పుకుంటున్న పరుగు పందెం కథలో మాత్రం ఆ కునుకే దాని తప్పయింది. తాబేలు నెమ్మదిగా నడవడంలో కూడా గొప్పతనమేమీ లేదు. బరువైన డొప్ప ఉన్న శరీరానికి సాధ్యమయ్యే నడక అదే.

పెద్దవాళ్ళకు ఈ తేడా తెలుసు కనుక కథను కథగా వింటారు. నాలుగైదేళ్ళ పిల్లల సంగతి వేరు. నక్షత్ర తాబేలునూ అడవి కుందేలునూ చాలామంది పిల్లలు మొదటిసారి చూసేది పుస్తకంలోనో బొమ్మలాట తెరమీదో. అక్కడ కుందేలు క్యారెట్ కొరికి గురక పెట్టినా, తాబేలు డొప్ప విప్పి చెట్టుకు తగిలించినా ఆ జంతువులు అలాగే ఉంటాయని నమ్ముతారు. ఈ వ్యాసం ఆ పాత కథకే ఒక కొత్త బొమ్మలాట. కథ మారదు. పందెం జరుగుతుంది, తాబేలే గెలుస్తుంది. గెలవడానికి కారణం మాత్రం మారుతుంది. ఆ కారణం రెండు జంతువుల శరీరాల్లోంచి రావాలి.

ఇందుకు ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. జంతువులు మాట్లాడవచ్చు, పందెం వేసుకోవచ్చు, ఒకరినొకరు అత్తా అల్లుడా అని పిలుచుకోవచ్చు. అది ఆట అని పిల్లలకు తెలుసు. వాటి శరీరం, తిండి, నిద్ర, భయం మాత్రం నిజమైనవే కావాలి.

ఏ కుందేలు, ఏ తాబేలు?

కథ రాయడానికి ముందు ఈ ప్రశ్న తేల్చుకోవాలి. "కుందేలు" అనగానే చాలామందికి ఎర్రకళ్ళ తెల్లని పెంపుడు జంతువు గుర్తొస్తుంది. అది ఐరోపా నుంచి వచ్చిన వేరే జాతి. దాని అడవి బంధువులు నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతుకుతాయి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. మన మెట్టల్లో, బీడు భూముల్లో తిరిగేది అది కాదు. ఊళ్ళలో చెవులపిల్లి అని పిలిచే మన కుందేలు గోధుమరంగులో ఉంటుంది, మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది. ఇది బొరియ తవ్వదు. గడ్డిదుబ్బులో తన ఒంటి ఆకారానికి సరిపడా పల్లం చేసుకుని అందులో ఒదుగుతుంది. దీని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. దాక్కోవడానికి సొరంగం లేని జంతువు పిల్లలు అలా పుట్టకపోతే బతకవు.

బొరియ లేకపోవడం అనే ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, కథ మొత్తం దీనిమీదే నిలబడుతుంది. దాక్కునే చోటు లేని కుందేలుకు ఉన్న దారులు రెండే. శత్రువు దూరంగా ఉన్నంతసేపు నేలకు అతుక్కుని కదలకుండా ఉండటం ఒకటి. మరీ దగ్గరికొచ్చాక ఒక్కసారిగా లేచి, వంకర టింకరగా పరుగెత్తడం రెండోది. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల తల తిప్పకుండానే వెనక వచ్చేది కూడా కనిపిస్తుంది. పగలంతా పడుకున్నట్టే ఉన్నా అది కాసేపు కునికి, కాసేపు చుట్టూ గమనిస్తూ గడుపుతుంది. కాబట్టి మన బొమ్మలాటలో కుందేలు గురక పెట్టదు.

తాబేలుగా నక్షత్ర తాబేలును తీసుకుందాం. ఇది నేలమీద బతికే జాతి, రాయలసీమ వంటి పొడి నేలల్లో ముళ్ళపొదల మధ్య ఉంటుంది. నల్లటి డొప్పమీద పసుపు గీతలు ఒక్కో బుడిపె నుంచి నాలుగు పక్కలకూ కిరణాల్లా విరజిమ్మినట్టుంటాయి. అందంగా కనిపించే ఆ గీతలు ఎండుగడ్డి నీడల్లో తాబేలు ఆకారాన్ని చెదరగొట్టి, దాన్ని కంటికి ఆననీయవు. కాళ్ళు లావుగా, స్తంభాల్లా ఉంటాయి. నీటి తాబేళ్ళ కాళ్ళలాగా ఈతకు పనికిరావు. నోట్లో పళ్ళుండవు, గట్టి అంచున్న ముక్కుతో గడ్డినీ ఆకులనూ రాలిన పూలనూ తుంచి తింటుంది.

డొప్ప తాబేలు మోసుకు తిరిగే ఇల్లు కాదు. దాని వెన్నెముక, పక్కటెముకలే విస్తరించి, ఒకదానికొకటి అతుక్కుని డొప్పగా మారాయి. వాటిమీద మన గోళ్ళలో ఉండే పదార్థంతోనే తయారైన పలకలు పరుచుకుని ఉంటాయి. డొప్పను ముట్టుకుంటే తాబేలుకు తెలుస్తుంది. అందులోంచి అది బయటికి రాలేదు. పక్కటెముకలు కదలవు గనుక ఊపిరి తీసుకోవడానికి కూడా మనలా ఛాతీని పెంచలేదు. లోపలి కండరాలతోనే ఊపిరితిత్తులను ఆడించుకుంటుంది. భయపడి తల, కాళ్ళు చటుక్కున లోపలికి లాక్కున్నప్పుడు ఊపిరితిత్తులు నొక్కుకుపోయి గాలి "బుస్"మని బయటికొస్తుంది. బొమ్మలాటలో వాడుకోవడానికి ఇంతకంటే మంచి శబ్దం దొరకదు.

పందెం లెక్క

తాబేలు ఎంత వేగంగా నడుస్తుంది? 1835లో గలాపగోస్ దీవులకు వెళ్ళిన చార్లెస్ డార్విన్ అక్కడి పెద్ద తాబేలు పది నిమిషాల్లో 60 గజాలు, అంటే సుమారు 55 మీటర్లు నడిచిందని రాసుకున్నాడు. మన నక్షత్ర తాబేలు దానిముందు చాలా చిన్నది, అడుగులూ చిన్నవే. అందులో సగం వేగమే అనుకుంటే 20 మీటర్ల దూరానికి ఏడు నిమిషాల పైనే పడుతుంది. కుందేలు సంగతి చూడండి. ఐరోపా అడవి కుందేలు గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మనది అందులో సగం వేగంతో పరుగెత్తినా ఆ 20 మీటర్లు రెండు సెకన్ల పని.

అంటే తాబేలు గెలవాలంటే కుందేలు ఏడు నిమిషాలు ఎక్కడో ఆగిపోవాలి. పాత కథ దానికి గర్వాన్నీ నిద్రనూ కారణంగా చూపింది. నిజమైన కుందేలును ఏడు నిమిషాలు కదలకుండా ఆపగలిగేది ఏమిటి? ఆకాశంలో తిరిగే గద్ద.

పందెం ఏ వేళకు పెట్టాలన్నది కూడా ముఖ్యమే. కుందేలు రాత్రి జంతువు. తాబేలు చల్లని రక్తపు జంతువు, ఎండ తగిలి ఒళ్ళు వెచ్చబడితేగానీ చురుగ్గా కదలలేదు. నడినెత్తి ఎండ పడితే మళ్ళీ పొద కిందికి చేరుతుంది. ఈ ఇద్దరూ ఎదురుపడే అవకాశం తెల్లవారుజామున, సాయంత్రం ఉంటుంది. తెల్లవారుజాము అయితే కుందేలుకు పడకవేళ, తాబేలుకు మేలుకునే వేళ. కథలో కావలసిన మెలిక ఆ వేళలోనే ఉంది. కాలం తొలకరి తర్వాత అనుకుందాం. వానలు పడ్డాక పచ్చగడ్డి మొలుస్తుంది, అప్పుడు నక్షత్ర తాబేళ్ళు బాగా తిరుగుతాయి.

బొమ్మలాట

కథ నడిపించడానికి ఒక మనిషి బొమ్మ కావాలి. మన తోలుబొమ్మలాటలో ఘట్టానికీ ఘట్టానికీ మధ్య వచ్చి నవ్వించే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఉన్నారు. వారిలో బంగారక్కను పిలుచుకుందాం. ఇక్కడ ఆమె పని పిల్లలతో మాట్లాడటం, ప్రశ్నలు అడగడం. తాబేలు పేరు చుక్కమ్మ. నక్షత్ర తాబేళ్ళలో ఆడవే పెద్దవి కనుక తెరమీద బాగా కనబడుతుంది. కుందేలు చెంగన్న. నాలుగో బొమ్మ గద్ద, దానికి మాటలుండవు.

*మొదటి రంగం: పొద్దు పొడవకముందు*

(తెర మసకగా ఉంటుంది. ఎడమవైపు ఒక పొద, కుడి చివర తంగేడు చెట్టు, మధ్యలో గడ్డిదుబ్బు. పొద కింద చుక్కమ్మ తల, కాళ్ళు లోపలికి ముడుచుకుని ఉంటుంది. చెంగన్న గెంతుతూ వచ్చి, ఆగి గడ్డి కొరుకుతాడు.)

బంగారక్క: పిల్లలూ, ఇంకా తెల్లవారలేదు. చెంగన్నా, రాత్రంతా ఏంచేశావు?

చెంగన్న: గడ్డి తిన్నా. చిగుళ్ళు తిన్నా. మళ్ళీ గడ్డి తిన్నా. (ఆవులిస్తాడు) ఇంక పడుకునే వేళయింది.

బంగారక్క: మనం లేచే వేళకు నువ్వు పడుకుంటావా?

చెంగన్న: అవునక్కా. నాకు రాత్రే పగలు.

(చుక్కమ్మ తల మెల్లగా బయటికొస్తుంది.)

చుక్కమ్మ: నేను ఇప్పుడే లేచా తల్లీ. ఒళ్ళంతా చల్లగా ఉంది. ఎండ తగిలితేగానీ కాలు కదలదు.

చెంగన్న: అత్తా, ఆ తంగేడు చెట్టు దాకా పందెం వేద్దామా?

చుక్కమ్మ: వేద్దాం అల్లుడా. ముందు కాసేపు ఎండ కాచుకోనీ.

*రెండో రంగం: ఎండ వచ్చింది*

బంగారక్క: పిల్లలూ, సూర్యుణ్ణి పిలుద్దాం. రా రా సూరీడూ!

(పిల్లలు పిలిచినప్పుడల్లా వెలుగు కొంచెం పెరుగుతుంది. ఒక్కో పిలుపుకు చుక్కమ్మ కాళ్ళు ఒక్కొక్కటే బయటికొస్తాయి.)

చుక్కమ్మ: ఆఁ, వెచ్చబడ్డాను. ఇప్పుడు నడుస్తా.

బంగారక్క: ఒకటి, రెండు, మూడు!

(ఒక్క చప్పట్లో చెంగన్న మధ్యలో ఉన్న గడ్డిదుబ్బు దగ్గరికి చేరిపోతాడు. చుక్కమ్మ ఒక్క అడుగు వేస్తుంది.)

బంగారక్క: చుక్కమ్మకు తోడుగా పాడదాం. అడుగో అడుగు, చుక్కమ్మ అడుగు! గడ్డిలో అడుగు, రాతిపై అడుగు!

(పాట రెండుసార్లు. ఒక్కో "అడుగు"కు చుక్కమ్మ ఒక్కో అడుగు వేస్తుంది.)

*మూడో రంగం: గద్ద*

చెంగన్న: అత్త ఇంకా అక్కడే ఉంది. పొద్దెక్కింది, నాకేమో పడుకునే వేళ. కాసేపు ఇక్కడ ఒదుగుతా. (గడ్డిదుబ్బులో నేలకు అతుక్కుంటాడు. చెవులు వీపుమీదికి వాలతాయి.)

బంగారక్క: (గుసగుసగా) పిల్లలూ, చెంగన్న కళ్ళు మూశాడా?

పిల్లలు: లేదు!

(పైన గద్ద నీడ చిన్నగా కనబడుతుంది. మెల్లగా పెద్దదవుతుంది.)

చెంగన్న: (గుసగుసగా) గద్ద! కదిలితే కనబడిపోతా.

చుక్కమ్మ: బుస్! (తల, కాళ్ళు లోపలికి.)

బంగారక్క: ష్! మనం కూడా కదలొద్దు. అయిదు లెక్కపెడదాం. ఒకటి... రెండు... మూడు... నాలుగు... అయిదు.

(గద్ద నీడ చిన్నదై, తెర అంచున తిరుగుతూ ఉంటుంది. చుక్కమ్మ తల బయటికొస్తుంది.)

చుక్కమ్మ: గద్ద దూరం వెళ్ళింది, కానీ ఇంకా పోలేదు. మళ్ళీ దగ్గరికొస్తే మళ్ళీ ముడుచుకుంటా. నడుస్తా.

చెంగన్న: (గుసగుసగా) నేను నడవలేనత్తా. నాకు డొప్ప లేదు.

(పాట మెల్లగా, గుసగుసగా. చుక్కమ్మ చెంగన్నను దాటిపోతుంది.)

*నాలుగో రంగం: తంగేడు చెట్టు*

(గద్ద నీడ పూర్తిగా మాయమవుతుంది. చుక్కమ్మ ముక్కు చెట్టు మొదలుకు తగులుతుంది. అదే క్షణంలో చెంగన్న లేచి ఒక్క గెంతులో పక్కకు వచ్చి వాలతాడు.)

బంగారక్క: ఎవరు గెలిచారు?

పిల్లలు: చుక్కమ్మ!

చెంగన్న: అత్తా, గద్ద పోయేదాకా కదలలేకపోయా.

చుక్కమ్మ: కదలకపోవడమే మంచిదైంది అల్లుడా. పందెం పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు.

చెంగన్న: నీ డొప్ప ఒకసారి విప్పి నాకిస్తావా?

చుక్కమ్మ: ఎలా ఇస్తా? అది నా వీపు ఎముక. నీ వీపు నువ్వు విప్పగలవా?

బంగారక్క: పిల్లలూ, మీ వీపు మధ్యలో తడుముకోండి. గట్టిగా, బుడిపెలు బుడిపెలుగా ఉందా? అది మీ వెన్నెముక. చుక్కమ్మ వెన్నెముక ఆ డొప్పలోనే ఉంది.

(చుక్కమ్మ చెట్టు కింద గడ్డి తుంచుతుంది. చెంగన్న మళ్ళీ గడ్డిదుబ్బులో ఒదుగుతాడు.)

బంగారక్క: చెంగన్నకు ఇప్పుడు రాత్రయింది. చప్పుడు చేయకుండా వెళ్దాం.

ఏ మాట ఎందుకు?

ఈ ఆట మొత్తం పది నిమిషాలకు మించదు. అంతకంటే ఎక్కువసేపు నాలుగేళ్ళ పిల్లలు కూర్చోలేరు. అందుకే ఒక్కో రంగానికి ఒక్కటే కొత్త విషయం ఉంది. మొదటి దానిలో కుందేలు రాత్రి మేస్తుందని, రెండోదానిలో తాబేలుకు ఎండ కావాలని, మూడోదానిలో ఒక్కొక్కరి దాపు ఒక్కో రకమని, నాలుగోదానిలో డొప్ప ఎముక అని చూపిస్తాం. పళ్ళ గురించి, పిల్లలు పుట్టే తీరు గురించి, ఊపిరి గురించి పైన చెప్పుకున్నవన్నీ నిజాలే. అవి ఆడించేవారికి తెలిసి ఉండాలి, పిల్లలు అడిగితే చెప్పాలి. వాటిని ఆటలో కుక్కితే కథ ఆగిపోయి పాఠం మొదలవుతుంది.

ప్రతి విషయమూ ముందు కంటికి కనబడుతుంది, తర్వాతే మాటగా వినబడుతుంది. తాబేలుకు ఎండ కావాలని బంగారక్క వివరించదు. పిల్లలు సూర్యుణ్ణి పిలిస్తే కాళ్ళు బయటికొస్తాయి, ఎండకూ కదలికకూ ఉన్న సంబంధం వాళ్ళే పట్టుకుంటారు. కుందేలు కదలకుండా ఉండటం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అయిదు లెక్కపెట్టేదాకా కదలకుండా కూర్చున్న పిల్లవాడికి అది ఒంటితో తెలుస్తుంది. పాత కథ ఆడించినప్పుడు పిల్లలు "లే! లే!" అని కుందేలును తిడతారు. ఇక్కడ వాళ్ళు దానితోపాటు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

కథ మలుపు మూడో రంగంలో ఉంది. గద్ద వచ్చినప్పుడు ఇద్దరూ ఆగారు. తాబేలు దాపు దాని ఒంటిమీదే ఉంది కనుక ముందుగా కదలగలిగింది. కుందేలు దాపు కదలకుండా ఉండటంలోనే ఉంది. అది అడుగు వేస్తే ఆ దాపు పోతుంది. ఏ డొప్ప వల్ల చుక్కమ్మ నెమ్మదిగా నడుస్తుందో ఆ డొప్పే ఆమెను గెలిపించింది. ఇది పెద్దల మాటల్లో చెప్పుకున్న సంగతి. పిల్లలకు "నాకు డొప్ప లేదు" అన్న చెంగన్న మాట చాలు.

గద్ద తాబేలు జోలికి ఎప్పుడూ పోదని మాత్రం ఎక్కడా అనకూడదు. చిన్న తాబేళ్ళను పక్షులు ఎత్తుకుపోతాయి. చుక్కమ్మ పెద్దది, డొప్ప గట్టిపడింది. అయినా ఆమె కూడా భయపడి ముడుచుకుంటుంది. అందుకే "బుస్" అనే శబ్దం తప్పక ఉండాలి.

బొమ్మలు, తెర, దీపం

ఈ కథకు చేతి తొడుగు బొమ్మలకంటే నీడబొమ్మలు బాగా నప్పుతాయి. తోలుబొమ్మలాట కళాకారులు అరబోసి పలచన చేసిన తోలుమీద ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. దీపం ముందు పెడితే ఆ రంధ్రాల్లోంచి వెలుగు వచ్చి నగలూ జరీ అంచులూ మెరుస్తాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ పనికి పేరున్న ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ పద్ధతినే నక్షత్ర తాబేలుకు వాడుకోవచ్చు. గట్టి అట్టమీద డొప్ప గీసి, ఒక్కో బుడిపె నుంచి కిరణాల్లా సన్నని చీలికలు కత్తిరిస్తే దీపం వెలుగులో అవే చుక్కమ్మ చుక్కలవుతాయి.

డొప్ప, వీపు ఒకే ముక్కగా ఉండాలి. తల, నాలుగు కాళ్ళు విడి ముక్కలుగా చేసి డొప్ప వెనక జరిగేలా అమర్చాలి. అప్పుడు అవి లోపలికీ బయటికీ వెళ్ళగలవు, డొప్ప మాత్రం ఎప్పటికీ విడిపోదు. చెంగన్నకు వెనక కాళ్ళు ముందు కాళ్ళకంటే బాగా పొడవుగా ఉండాలి. చెవుల మొదట్లో దారంతో ఒక కీలు వేస్తే నిలబెట్టడానికీ వీపుమీదికి వాల్చడానికీ వీలవుతుంది. మెడ వెనక నల్లమచ్చ కనబడాలంటే చెంగన్నను అట్టతో కాక మందపాటి డ్రాయింగు కాగితంతో చేసి, రంగులు వేసి, వెనకవైపు కాస్త కొబ్బరినూనె రాయాలి. నూనె పీల్చిన కాగితంలోంచి వెలుగు దూరి రంగులు తెరమీద కనిపిస్తాయి. పరిమాణంలో కుందేలు తాబేలుకు రెట్టింపు పొడవుంటే సరిపోతుంది. చాలా బొమ్మల్లో తాబేలును కుందేలంత పెద్దగా చేయడం కనిపిస్తుంది. దాంతో అది నక్షత్ర తాబేలు కాకుండా పోతుంది.

తెరగా ఒక తెల్లని పంచె బిగించి కట్టండి. వెనక మీటరున్నర దూరంలో చేతి దీపమో ఫోను దీపమో పెట్టండి. ట్యూబులైటు పనికిరాదు. వెలుగు ఒకే చోటు నుంచి వస్తేనే నీడ అంచులు తేటగా ఉంటాయి. బొమ్మను తెరకు ఆనించి ఉంచితే నీడ స్పష్టంగా పడుతుంది. దీపం వైపు వెనక్కి లాగేకొద్దీ పెద్దదై మసకబారుతుంది. గద్దను ఆడించే కిటుకు ఇదే. అరచేయంత గద్ద బొమ్మను ముందు తెరకు ఆనించి, తర్వాత మెల్లగా దీపం వైపు లాగితే పిల్లల కళ్ళముందు ఆకాశం నుంచి దిగివచ్చినట్టుంటుంది. సూర్యోదయానికి దీపం ముందు నూనె కాగితాలు రెండు మూడు అడ్డంపెట్టి, పిల్లలు పిలిచినప్పుడల్లా ఒక్కొక్కటి తీసేయాలి.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

గద్ద దగ్గర జాగ్రత్త కావాలి. నీడ తెరలో సగం దాటి పెరిగితే ముందు వరసలో కూర్చున్న పసివాళ్ళు ఏడుస్తారు. మూడేళ్ళ పిల్లలు ఉంటే గద్దను అసలు పెద్దది చేయకుండా, తెరపై ఒక చివర నుంచి మరో చివరకు పోనిస్తే చాలు. ఒక పిల్లవాడు చెవులు మూసుకున్నా, అమ్మ ఒడిలోకి జరిగినా అది గుర్తుగా తీసుకుని లెక్క అయిదు కాకుండా మూడుతో ఆపాలి.

రెండో తప్పు ఆడించేవారి నోట్లోంచి వస్తుంది. సాధన లేకుండా ఆడితే అలవాటైన పాత మాటలు దొర్లుతాయి. "సోమరి కుందేలు" అని ఒక్కసారి అంటే మిగిలిన ఆటంతా వృథా. "తాబేలు ఇంట్లోకి దూరింది" అన్నా అంతే. ఈ రెండు మాటలనూ రాతప్రతి మీద పెద్దగా రాసి, కొట్టివేసి పెట్టుకోవడం మంచిది.

పిల్లలకు ఏం అందిందో ఆట ముగిసిన వెంటనే అడిగితే తెలియదు. బంగారక్క చెప్పిన మాటనే తిప్పి చెబుతారు. మర్నాడు రెండు ప్రశ్నలు అడగండి. "చెంగన్న మధ్యలో ఎందుకు ఆగాడు?" అన్నదానికి "నిద్రపోయాడు" అని జవాబొస్తే మూడో రంగం సరిగా పండలేదు. కళ్ళు తెరిచి ఉన్నాయని పిల్లలచేతే అనిపించే చోట ఇంకాస్త ఆగాలి. "చుక్కమ్మ స్నానానికి డొప్ప ఎక్కడ పెడుతుంది?" అని అడిగితే నవ్వి, తీయలేదని చెప్పిన పిల్లకు కథ అందినట్టే.

ఆట అయ్యాక వచ్చే కోరిక

ఈ బొమ్మలాట బాగా కుదిరితే పిల్లలు తప్పకుండా ఒకటి అడుగుతారు, చుక్కమ్మలాంటి తాబేలు ఇంట్లో పెంచుకుందామా అని. దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. నక్షత్ర తాబేలు అందమే దానికి ముప్పు తెచ్చింది. పెంపుడు జంతువుగా అమ్ముకోవడానికి మన దేశం నుంచి దొంగచాటుగా తరలించే జీవుల్లో ఇది ముఖ్యమైనది. దీన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అంతర్జాతీయ వ్యాపారంపై కూడా 2019లో అత్యంత కఠినమైన నిషేధం వచ్చింది.

మన ఊళ్ళలో ఇంకొక అలవాటు ఉంది. తాబేలు బావిలో ఉంటే మంచిదని తెచ్చి వదులుతారు. నక్షత్ర తాబేలు నేలమీది జంతువు, ఈదలేదు. బావిలో వేస్తే మునిగి చనిపోతుంది. స్తంభాల్లాంటి చుక్కమ్మ కాళ్ళను తెరమీద చూసిన పిల్లలకు ఈ సంగతి చెబితే వెంటనే అర్థమవుతుంది. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ళకు వాళ్ళే చేరవేస్తారు.

పొలం గట్టున నక్షత్ర తాబేలు కనిపిస్తే ఎత్తకుండా, నాలుగడుగుల దూరం నుంచి చూసి, దాని దారిన దాన్ని పోనివ్వాలి. రోడ్డు దాటుతూ కనబడితే అది ఎటువైపు వెళుతోందో అటువైపే దాటించి వదలాలి. ఎవరైనా పట్టుకుని అమ్ముతుంటే అటవీశాఖకు తెలపాలి. కుందేలు విషయంలో చేయవలసింది ఇంకా తక్కువ. గడ్డిదుబ్బులో కదలకుండా ఉన్న కుందేలుకు దెబ్బ తగిలిందనో, దాని పిల్ల ఒంటరిదైపోయిందనో అనుకుని ఇంటికి తేవద్దు. అది తన పడకలో ఉంది. చీకటి పడగానే లేస్తుంది.